పొదుపు రేటు పెరిగితే సోలో మోడల్‌లో ఏది పెరుగుతుంది, ఏది పెరగదు

ప్రశ్న: "సోలో మోడల్‌లో పొదుపు రేటు పెంచితే k*, y* పెరుగుతాయని మా నోట్సులో ఒక పేజీలో ఉంది. వృద్ధి రేటు మాత్రం మారదని పక్క పేజీలో ఉంది. వృద్ధి పెరగకుండా ఉత్పత్తి ఎలా పెరిగిందండీ? అంకెలతో ఒక్కసారి చూపిస్తే బాగుంటుంది. డయాగ్రమ్‌లో ఏ గీత కదపాలో కూడా తేలడం లేదు. ఎంఏ మొదటి సంవత్సరం, గుంటూరు."

సమాధానం:

మీ నోట్సులో రెండు మాటలూ సరైనవే. ఆర్థిక వ్యవస్థ చివరికి చేరి నిలిచే చోట తలా మూలధనం k*, తలా ఉత్పత్తి y*. రెండింటికీ మధ్య జరిగేదాన్ని మాత్రం రాయకుండా వదిలేశారు. పొదుపు రేటు పెంచిన వెంటనే వృద్ధి రేటు పెరుగుతుంది. ఆ తర్వాత ఏటేటా కొంచెం కొంచెం తగ్గుతూ చివరికి పాత చోటికే వస్తుంది. అది పాత చోటికి వచ్చేలోగా కూడిన అదనపు ఉత్పత్తి మాత్రం ఎక్కడికీ పోదు. "మారదు" అన్న మాట చివరి మజిలీ గురించి, "పెరుగుతుంది" అన్న మాట స్థాయి గురించి. ఇంతే తేడా. ఇక ఇది ఎందుకిలా జరుగుతుందో అంకెల్లో చూద్దాం.

ముందుగా మోడల్‌కి ఊపిరైన క్షీణ ప్రతిఫలాల సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో నలుగురు పనివాళ్లున్న ఒక లేత్ షెడ్డు అనుకోండి. షెడ్డులో ఒకే లేత్ ఉంటే ఒకడు పని చేస్తుంటే ముగ్గురు చూస్తూ నిలబడాలి. రెండో మిషను వస్తే పని బాగా పెరుగుతుంది. మూడోది, నాలుగోది వచ్చినా పెరుగుతుంది గానీ ముందున్నంత ఊపు ఉండదు. అయిదో మిషను కొంటే దాని దగ్గర నిలబడడానికి మనిషే లేడు. నాలుగింట్లో ఏదైనా రిపేరుకి వెళ్లినప్పుడు దాని అక్కర పడుతుంది, అంతే. కానీ అరుగుదల, మోటారు వైండింగు, బెల్టులు, ఆయిలు లాంటి ఖర్చులు మిషన్ల లెక్కన పెరుగుతూనే ఉంటాయి. అయిదోది తక్కువ పని చేస్తోంది కదా అని దాని తరుగుదల ఆగదు. వచ్చే లాభం తగ్గుతూ పోతుంది, నిలబెట్టుకోవడానికయ్యే ఖర్చు మాత్రం సమానంగా పెరుగుతూ పోతుంది. ఈ రెండూ ఎక్కడో ఒకచోట కలిసి తీరాలి. ఆ కలిసే చోటే స్థిర స్థితి.

ఇప్పుడు దీన్ని దేశం మొత్తానికి రాద్దాం. ఒక్కో శ్రామికుడికి తలా ఎంత మూలధనం ఉందో అది k. ఒక్కో శ్రామికుడికి తలా ఉత్పత్తి y. అది k మీద ఆధారపడుతుంది కాబట్టి దాన్నే f(k) అని కూడా రాస్తాం. ఆదాయంలో పొదుపు చేసే భాగం s. ఏటా అరిగిపోయే మూలధనం భాగం δ. శ్రామికుల సంఖ్య ఏటా పెరిగే రేటు n. సాంకేతిక ప్రగతిని ప్రస్తుతానికి పక్కన పెడదాం, చివర్లో తీసుకొద్దాం. రాబర్ట్ సోలో, ట్రెవర్ స్వాన్ 1956లో ఎవరికి వారు విడిగా రాసిన మోడల్ సారమంతా ఈ ఒక్క సమీకరణంలో ఉంది:

```
Δk = s·f(k) − (n + δ)·k
```

మొదటి ముక్క, తలా వచ్చి చేరే కొత్త పెట్టుబడి. రెండో ముక్క, ఉన్న k ని ఉన్నట్టు నిలబెట్టడానికి కావలసిన పెట్టుబడి. ఇందులో δ ఎందుకుందో ఎవరికైనా తెలుస్తుంది. n ఎందుకుందో చాలామంది పట్టించుకోరు. షెడ్డులోకి అయిదో మనిషి వచ్చాడనుకోండి, ఒక్క మిషనూ అరగకపోయినా తలా మిషన్ల సంఖ్య తగ్గుతుంది. అతనికీ అందరితో సమానంగా సరంజామా ఇవ్వాలంటే కొత్త పెట్టుబడి కావాలి. పరీక్షలో n మర్చిపోయి δ ఒక్కదాన్నే పెట్టి లెక్క చేసేవాళ్లు బోలెడుమంది. అలా చేస్తే k* అసలుకంటే పెద్దదిగా వస్తుంది.

చేతిలెక్కకి వీలుగా y = √k అనుకుందాం, అంటే y = k^α లో α = 1/2. తరుగుదల 8 శాతం, శ్రామికుల పెరుగుదల 2 శాతం, కలిపి 0.10. పొదుపు రేటు 20 శాతం. స్థిర స్థితిలో Δk సున్నా కాబట్టి 0.2√k = 0.1k. రెండు వైపులా √k తో భాగిస్తే √k = 2. అంటే k* = 4, y* = 2. పొదుపు 0.4, వినియోగం 1.6. నిలబెట్టడానికి కావలసింది 0.1 × 4 = 0.4. పొదుపు సరిగ్గా అంతే ఉంది. లెక్క కుదిరింది.

ఇక్కడే ఒక అపార్థం పుడుతుంది. స్థిర స్థితి అంటే ఆర్థిక వ్యవస్థ కదలకుండా నిలబడిపోయిందని కాదు. తలా మూలధనం నిలబడింది, తలా ఉత్పత్తి నిలబడింది. మొత్తం మూలధనం K, మొత్తం ఉత్పత్తి Y ఏటా 2 శాతం చొప్పున పెరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే మనుషులు 2 శాతం పెరుగుతున్నారు. చిన్న k కి పెద్ద K కి తేడా చూసుకోకపోతే ఈ పాఠం ఆసాంతం తికమకే.

ఇప్పుడు పొదుపు రేటు ఒక్కసారిగా 20 నుంచి 30 శాతానికి పెరిగిందనుకుందాం. కొత్త స్థిర స్థితి 0.3√k = 0.1k, అంటే √k = 3. k* = 9, y* = 3, వినియోగం 2.1. పొదుపు రేటు ఒకటిన్నర రెట్లయింది. తలా ఉత్పత్తి కూడా ఒకటిన్నర రెట్లయింది. తలా మూలధనం మాత్రం రెండుంబావు రెట్లయింది. ఉత్పత్తి 50 శాతం పెరగడానికి మూలధనం 125 శాతం పెరగాల్సి వచ్చింది. షెడ్డులో అయిదో మిషను చేసిన పని ఇక్కడ అంకెల్లో కనిపిస్తోంది.

ఏ α కైనా పనికొచ్చే సూత్రాలు ఇవి:

```
k* = (s / (n + δ))^(1/(1−α))
y* = (s / (n + δ))^(α/(1−α))
k*/y* = s / (n + δ)
```

మూడోదాన్ని కంఠస్థం చేయండి. మొదటి రెండింటిలో ఘాతాంకం తప్పు రాశామా అన్న అనుమానం వస్తే ఇదే తనిఖీ. మన మొదటి స్థితిలో 4/2 = 2, సూత్రం ప్రకారం 0.2/0.1 = 2. రెండో స్థితిలో 9/3 = 3, సూత్రం ప్రకారం 0.3/0.1 = 3. సరిపోయింది. పొదుపు రేటును భిన్నంగా కాకుండా 20, 30 అని పెట్టి, n + δ ని మాత్రం 0.10 గా ఉంచే పొరపాటు కూడా ఇక్కడే దొరికిపోతుంది. మూలధన ఉత్పత్తి నిష్పత్తి 200 వచ్చిందంటే ఎక్కడో శాతం గుర్తు జారిపోయిందన్నమాట.

మీ అసలు అనుమానం తీరాలంటే ఈ నిష్పత్తినే ఇంకొంచెం దగ్గరగా చూడాలి. పక్కన హారడ్-డోమార్ నమూనాను పెట్టుకుంటే విషయం తేటపడుతుంది. మన మొదటి పంచవర్ష ప్రణాళిక, 1951 నుంచి 56 వరకు, ఆ పద్ధతి ఆలోచనతోనే సాగిందని ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంటుంది. ఆ నమూనాలో మూలధన ఉత్పత్తి నిష్పత్తి మారదు. మన అంకెల్లో అది 2. పొదుపు 20 శాతమైతే 0.20/2 = 10 శాతం, అందులో తరుగుదల 8 తీసేస్తే వృద్ధి 2 శాతం. పొదుపు 30 శాతమైతే 0.30/2 = 15, తరుగుదల పోగా 7 శాతం. ఎప్పటికీ 7 శాతమే.

సోలో ఏమంటాడు? పొదుపు పెరిగిన మొదటి ఏడు, k ఇంకా 4 దగ్గరే ఉంది. తలా పొదుపు 0.3 × 2 = 0.6. దాన్ని 4 తో భాగిస్తే 15 శాతం, తరుగుదల పోగా మొత్తం మూలధనం 7 శాతం పెరుగుతుంది. అంటే మొదటి రోజున మూలధనం విషయంలో ఇద్దరి లెక్కా ఒకటే! తేడా ఉత్పత్తి దగ్గర మొదలవుతుంది. హారడ్-డోమార్‌లో మూలధనం 7 శాతం పెరిగితే ఉత్పత్తీ 7 శాతం పెరుగుతుంది. సోలోలో అలా కుదరదు. శ్రామికులు 2 శాతమే పెరిగారు. వాళ్లకంటే అదనంగా మూలధనం 5 శాతం పెరిగింది, అందులో α వంతు, అంటే సగమే ఉత్పత్తిగా మారుతుంది. కాబట్టి మొత్తం ఉత్పత్తి 2 + 2.5 = 4.5 శాతం పెరుగుతుంది. మూలధనం 7 పెరిగి ఉత్పత్తి 4.5 పెరిగిందంటే వాటి నిష్పత్తి 2 ని దాటి పైకి పోవడం మొదలైంది. నిష్పత్తి పెరిగేకొద్దీ అదే 30 శాతం పొదుపు ఉన్న మూలధనంతో పోలిస్తే చిన్నదవుతూ ఉంటుంది. నిష్పత్తి 3 కి చేరేసరికి 0.30/3 = 10 శాతం, తరుగుదల 8 పోగా మళ్లీ 2 శాతం. మొదలుపెట్టిన చోటికే వచ్చాం. అదనంగా చేసిన పొదుపంతా వృద్ధి రేటులోకి కాకుండా, పెరిగిన ఆ నిష్పత్తిని నిలబెట్టడానికి పోతోంది. మీ ప్రశ్నకి నేరుగా జవాబు ఇదే.

దారి ఎలా సాగుతుందో కంప్యూటర్‌లో మీరే చూడొచ్చు. ఎక్సెల్‌లో A కాలమ్‌లో k, B లో y, C లో వినియోగం పెట్టండి. రెండో వరుస మొదటి ఏడాది కాదు, సున్నా సంవత్సరం.

```
A2:  4
B2:  =SQRT(A2)
C2:  =(1-0.3)*B2
A3:  =A2+0.3*B2-0.1*A2
```

A3 ని కిందికి లాగండి, B, C లను కూడా. ముందు 0.3 బదులు రెండు చోట్లా 0.2 పెట్టి చూడండి. k ఎన్ని వరుసలు లాగినా 4 దగ్గరే కదలకుండా ఉండాలి. ఉండకపోతే ఫార్ములాలో తప్పుంది. అది చూశాకే 0.3 కి మార్చండి.

అప్పుడు వచ్చే అంకెలు ఇలా ఉంటాయి. మొదటి ఏడాదికి k 4.20, y 2.049. రెండో ఏడాదికి y 2.096. అయిదో ఏడాదికి 2.224, పదో ఏడాదికి 2.398, పద్నాలుగో ఏడాదికి 2.509. తలా ఉత్పత్తి వృద్ధి మొదటి ఏడాది సుమారు 2.5 శాతం, ఏడో ఏడాది 1.6, పద్నాలుగో ఏడాది 1.0. దీనికి శ్రామికుల 2 శాతం కలిపితే మొత్తం ఉత్పత్తి వృద్ధి 4.5 నుంచి 3.6 కి, అక్కణ్ణుంచి 3 చిల్లరకి దిగుతోంది. 2 నుంచి 3 కి వెళ్లాల్సిన దూరంలో సగం, అంటే 2.5, పద్నాలుగో ఏడాదికల్లా దాటింది. మిగిలిన సగంలో మళ్లీ సగం దాటడానికి ఇంకో పద్నాలుగేళ్లు పడుతుంది. ఎందుకంటే మిగిలిన దూరం ఏటా సుమారు (1−α)(n+δ) వంతు, ఇక్కడ 5 శాతం చొప్పున తరుగుతుంది. 2 కి సహజ లాగరిథమ్ అయిన 0.69 ని 0.05 తో భాగిస్తే 14 దగ్గర వస్తుంది. ఈ చిన్న లెక్క వైవాలో అడుగుతుంటారు.

కచ్చితంగా ఉండాలనే పట్టింపు ఉన్నవాళ్లకి ఒక మాట. ఏడాదికోసారి కొలిచే లెక్కలో Δk ని 1 + n తో, అంటే 1.02 తో భాగించాలి, ఎందుకంటే వచ్చే ఏడాదికి మనుషులు 2 శాతం ఎక్కువుంటారు. అలా చేసినా స్థిర స్థితి 9 దగ్గరే ఉంటుంది, వేగం మాత్రం ఒక పిసరు తగ్గుతుంది. చాలా పుస్తకాలు దీన్ని వదిలేస్తాయి, వదిలేసినా పెద్ద నష్టం లేదు.

C కాలమ్‌ని తీరిగ్గా చూడండి. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే, అయినా నోట్సుల్లో దానికి అర పేజీ కూడా ఇవ్వరు. పొదుపు పెంచిన రోజున k మారదు. మూలధనం రాత్రికి రాత్రి పెరిగే సరుకు కాదు కాబట్టి y కూడా మారదు. మారేది వినియోగం ఒక్కటే, అదీ కిందికి. 1.6 నుంచి 1.4 కి పడిపోతుంది. అంటే ఎనిమిదో వంతు కోత. ఆరో ఏడాదికి 1.584, ఏడో ఏడాదికి 1.609. పాత స్థాయిని అందుకోవడానికే దాదాపు ఏడేళ్లు పట్టింది. ఆ తర్వాతే లాభం మొదలై, మెల్లగా 2.1 వైపు వెళుతుంది. పొదుపు పెంచిన తరం కడుపు కట్టుకుంటుంది, తర్వాతి తరం తింటుంది. y* పెరిగింది కాబట్టి అందరూ బాగుపడ్డారని రాసేస్తే ఈ ఏడేళ్లను మింగేసినట్టే. కాలాన్ని x అక్షం మీద పెట్టి గీసే బొమ్మల్లో ఉత్పత్తి గీత ఎక్కడా ఎగిరి దూకదు, నునుపుగా పైకి వంగుతుంది. వినియోగం గీత నిట్టనిలువుగా ఒక మెట్టు కిందికి పడి, తర్వాత పైకి ఎక్కుతుంది. ఉత్పత్తి కూడా మొదటి రోజే ఎగిరినట్టు గీశారంటే మార్కులు పోతాయి.

మరి పొదుపు ఇంకా పెంచుకుంటూ పోతే? s = 0.5 పెడితే k* = 25, y* = 5, వినియోగం 2.5. s = 0.6 పెడితే k* = 36, y* = 6, వినియోగం 2.4. ఉత్పత్తి పెరిగింది, తినేది తగ్గింది! అంత మూలధనాన్ని నిలబెట్టడానికే వచ్చిన ఉత్పత్తిలో అరవై శాతం ఖర్చవుతోంది. వినియోగం గరిష్ఠంగా ఉండే ఈ చోటుకి ఎడ్మండ్ ఫెల్ప్స్ 1961లో స్వర్ణ నియమం అని పేరు పెట్టాడు. అక్కడ మూలధనపు ఉపాంత ఉత్పత్తి, అంటే ఇంకో యూనిట్ మూలధనం చేరిస్తే వచ్చే అదనపు ఉత్పత్తి, n + δ కి సమానం. మన లెక్కలో 1/(2√k) = 0.1, అంటే √k = 5, k = 25. సరిపోయింది కదా. మనం వాడిన y = k^α లాంటి కాబ్-డగ్లస్ ప్రొడక్షన్ ఫంక్షన్‌లో ఇంకా సులువు, స్వర్ణ నియమపు పొదుపు రేటు α కే సమానం. అది దాటి పొదుపు చేస్తున్న దేశం పొదుపు తగ్గించుకుంటే ఈ రోజూ ఎక్కువ తింటుంది, రేపూ ఎక్కువ తింటుంది. దాటని దేశానికి మాత్రం మనం చూసిన ఏడేళ్ల లాంటి బేరం తప్పదు.

పొదుపు రేటుకి ఒక కప్పు కూడా ఉంది. అది 1 ని దాటడం కుదరదు. స్థాయి పెంచాలంటే s పెంచాలి, ఒకసారి పెంచితే ఆ ఊపు కొన్నేళ్లకి చల్లారుతుంది, మళ్లీ ఊపు కావాలంటే మళ్లీ పెంచాలి, ఎన్నిసార్లు పెంచినా పైకప్పు తగులుతుంది. అందుకే తలా ఉత్పత్తి నిరంతరంగా పెరగడానికి పొదుపు కారణం కాజాలదని సోలో తేల్చాడు. అక్కడే సాంకేతిక ప్రగతి వస్తుంది. దాన్ని g రేటుతో శ్రమకు జోడిస్తే, k ని మనిషికి కాకుండా ప్రభావవంతమైన శ్రమ యూనిట్‌కి, అంటే సాంకేతికత వల్ల పెరిగిన పనితనాన్ని కూడా కలిపి కొలిచిన శ్రమకి లెక్కిస్తాం, n + δ ఉన్న ప్రతిచోటా n + g + δ రాస్తాం. మిగతా కథంతా మక్కీకి మక్కీ ఇదే. స్థిర స్థితిలో తలా ఉత్పత్తి g చొప్పున, మొత్తం ఉత్పత్తి n + g చొప్పున పెరుగుతాయి. రెండింటిలోనూ s కనపడదు. పొదుపు పెరిగితే తలా ఉత్పత్తి నడిచే దారి మొత్తంగా పైకి జరుగుతుంది, దాని ఏటవాలు మారదు.

అంకెల గురించి ఒక హెచ్చరిక. α = 1/2 వర్గమూలం సులువుగా వస్తుందని తీసుకున్నది. పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా వాడేది 1/3, ఎందుకంటే జాతీయాదాయంలో మూలధనానికి పోయే వాటా చాలా దేశాల్లో ఆ దరిదాపుల్లో ఉంటుందని. అప్పుడు y* సూత్రంలో ఘాతాంకం 1/2 అవుతుంది. పొదుపు 20 నుంచి 30 కి పెంచితే y* పెరిగేది 50 శాతం కాదు, దాదాపు 22 శాతమే. k* పెరిగేది 84 శాతం. అంటే మన ఉదాహరణ పొదుపు ప్రభావాన్ని కొంచెం పెద్దది చేసి చూపించింది. సగం దూరానికి పట్టే కాలం కూడా పదేళ్లకు తగ్గుతుంది. నిజ దేశాల లెక్కల్లో తరచుగా వచ్చే వేగం మాత్రం ఏటా 2 శాతం దగ్గరే ఉంటుంది, అంటే సగం దూరానికి ముప్ఫయ్యేళ్ల పైమాటే. ఈ తేడాను సర్దడానికే మాన్‌క్యూ, రోమర్, వైల్ 1992లో చదువు, నైపుణ్యాలను కూడా ఒక రకం మూలధనంగా కలిపారు. అలా కలిపితే మూలధనం పాత్ర పెరిగి, క్షీణత నెమ్మదిస్తుంది.

ఇంకో సంగతి. ఈ మోడల్‌లో తలుపులు మూసి ఉన్నాయి, చేసిన పొదుపంతా అక్కడే పెట్టుబడి అవుతుంది. కాబట్టి దీన్ని తీసుకెళ్లి జిల్లాకి అతికించకండి. గుంటూరు బ్యాంకుల్లో డిపాజిట్లు పెరిగాయి కాబట్టి గుంటూరులో k పెరుగుతుందని రాసిన జవాబులు కనిపిస్తుంటాయి. ఆ డబ్బు అప్పుగా హైదరాబాదుకో, బెంగుళూరుకో పోవచ్చు. మిర్చి అమ్మిన డబ్బుతో కొన్న బంగారం ఇంటికి పొదుపే గానీ, లాకరులో ఉన్నంత కాలం దాంతో ఒక్క క్వింటా సరుకైనా అదనంగా తయారు కాదు. అదే డబ్బు కోల్డ్ స్టోరేజీ కట్టడానికి పోతే అది K. సోలో చెప్పే s అంటే యంత్రాలుగా, కట్టడాలుగా మారిన భాగమే.

ఇక మీ డయాగ్రమ్. మూడు గీతలుంటాయి. పైన f(k), దాని కింద s·f(k), మూలబిందువు నుంచి సూటిగా వెళ్లే (n+δ)k. పొదుపు పెరిగితే కదిలేది మధ్య గీత ఒక్కటే. అది కూడా సమాంతరంగా పైకి జరగదు, మూలబిందువు దగ్గర అతుక్కునే ఉండి పైకి లేస్తుంది, ఎందుకంటే f(k) ప్రతి విలువా అదే నిష్పత్తిలో పెరిగింది. f(k) ని కదిపితే అది సాంకేతికత మారడం, సూటి గీతను కదిపితే జనాభా గానీ తరుగుదల గానీ మారడం. ఈ మూడింటినీ కలగాపులగం చేయడమే ఎక్కువగా జరిగే తప్పు. కొత్త మధ్య గీత సూటి గీతను కుడివైపు, k = 9 దగ్గర కోస్తుంది. y* ని అక్కడే చదివేయకండి. ఆ ఖండన బిందువు ఎత్తు 0.9, అది పొదుపు మాత్రమే. అక్కణ్ణుంచి నిలువు గీతను పైకి పొడిగించి f(k) ని తాకిన చోట చదివితే 3 వస్తుంది. రెండింటి మధ్య ఉన్న 2.1 వినియోగం. బాణం గుర్తులు x అక్షం మీద 4 నుంచి 9 వైపు పెట్టండి. 9 కి కుడివైపు నుంచి ఎడమకి కూడా ఒక బాణం ఉండాలి. అది ఎందుకో కావాలంటే ఎక్సెల్‌లో A2 లో 16 పెట్టి చూడండి. పొదుపు 1.2, కావలసింది 1.6. మొదటి ఏడాదిలోనే k 15.6 కి దిగుతుంది, అలా దిగుతూ 9 వైపే వస్తుంది.